రెండు శాతం సీడీ అంటే ఎన్ని రూపాయల వడ్డీ?

అందరికీ నమస్కారం అండీ. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్, శానిటరీ కొట్ల వాళ్లే. నేను కూడా మా బాబాయిగారి ఎలక్ట్రికల్ కొట్లో లెక్కలు రాస్తూ ఈ పని నేర్చుకున్నవాణ్ణి. అందుకని మనందరికీ తెలిసిన ఒక మాటతోనే మొదలుపెడతాను.

ఎవరైనా మన దగ్గరికొచ్చి, "అన్నా, లక్ష రూపాయలు కావాలి, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తాను" అంటే అది పెద్ద వడ్డీ అని మనకు వెంటనే తెలుస్తుంది. అదే వడ్డీకి మనం అప్పు తేవాల్సి వస్తే రాత్రి నిద్ర పట్టదు. కానీ విజయవాడ నుంచి సప్లయరు ఫోన్ చేసి, "ఇప్పుడు కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్, అదే సీడీ, లేదంటే ముప్పై రోజుల అరువు" అంటే, "అరువే రాయండి, రెండు శాతానికి ఏముందిలే" అంటాం. ఆ రెండు మాటలూ దాదాపు ఒకటే. ఒకటి అప్పు అని పేరు పెట్టుకుని వస్తుంది, రెండోది అరువు అని. మొదటిదాంట్లో వడ్డీ కళ్ల ముందు కనిపిస్తుంది. రెండోదాంట్లో అది సరుకు ధరలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని ధరలోంచి బయటికి తీసి, ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూడటమే ఈ సాయంత్రం మన పని.

ముందు ఒక చిన్న బిల్లు తీసుకుందాం. జీఎస్‌టీ సంగతి తర్వాత చూద్దాం, ఇప్పటికి పక్కన పెట్టండి. వైరు కాయిల్స్ తెప్పించారు, బిల్లు 1,00,000 రూపాయలు. ఈ రోజే కడితే 2 శాతం తగ్గిస్తాడు, అంటే 98,000. కట్టకపోతే ముప్పయ్యో రోజున పూర్తి లక్ష ఇవ్వాలి.

ఇక్కడ సరుకు అసలు ధర ఎంత? మనం లక్ష అనుకుంటాం, బిల్లు మీద అదే రాసి ఉంటుంది కాబట్టి. కాని ఈ రోజు డబ్బు తీసుకుని వెళ్లే మనిషికి సప్లయరు దాన్ని 98,000కే ఇస్తున్నాడు. అంటే ఈ రోజు దాని ధర 98,000. మిగతా రెండు వేలు ముప్పై రోజులు ఆగినందుకు అతను వేసుకున్న వడ్డీ. అరువు రాయించుకున్న క్షణాన మీరు 98,000 రూపాయలు అప్పు తీసుకున్నట్టు. నెల తర్వాత 2,000 వడ్డీతో కలిపి తిరిగి కడుతున్నారు.

అందుకే రెండు వేలను లక్షతో భాగించకూడదు. 98,000తో భాగించాలి, మీ చేతికి అందిన అప్పు అంతే కాబట్టి. అప్పుడు నూటికి రెండు రూపాయల నాలుగు పైసలు వస్తుంది. అది ముప్పై రోజులకు. ఏడాదికి మార్చాలంటే ముప్పైతో భాగించి 365తో గుణించాలి. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి నాతోపాటు వేయండి:

```
2 ÷ 98 × 365 ÷ 30 × 100 = 24.83
```

దాదాపు పాతిక శాతం. ఇది ఒక్క నెల వడ్డీని ఏడాదికి చాచి చూపించే బారు వడ్డీ లెక్క. చక్రవడ్డీ వేస్తే 27.9 శాతం దాకా వెళ్తుంది. మనకు బారు వడ్డీ లెక్క చాలు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌కు, అదే ఓడీకి, చెప్పే రేటును కూడా అదే పద్ధతిలో చూస్తాం కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఒకదాన్ని బారు వడ్డీలో, ఇంకోదాన్ని చక్రవడ్డీలో వేసి పోల్చడం మాత్రం చేయకండి.

ఇప్పుడు ఆ పోలిక చూద్దాం. మీ ఓడీ రేటు 11 శాతం అనుకుందాం. ఎవరి రేటు వాళ్లకు వేరుగా ఉంటుంది, మీ స్టేట్‌మెంట్ చూసి మీ అంకె వేసుకోండి. ఓడీలోంచి 98,000 తీసి సప్లయరుకు కట్టేశారు. ముప్పై రోజులకు బ్యాంకు వడ్డీ 886 రూపాయలు. సప్లయరు దగ్గర మిగిలింది 2,000. బ్యాంకుకు ఇచ్చింది పోగా చేతిలో 1,114 మిగిలింది. ఒక్క బిల్లు మీద, ఒక్క ఫోను, ఒక్క ఎన్‌ఈఎఫ్‌టీ చేసినందుకు.

అదే డబ్బు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే? 98,000 మీద నెలకు 1,960. మిగిలేది నలభై రూపాయలు. దాని కోసం నోటు రాసి ఇంకొకరి ఇంటి గుమ్మం తొక్కక్కర్లేదు. మూడు రూపాయల వడ్డీకి తెస్తే 2,940 అవుతుంది, అప్పుడు 940 చేతినుంచి పడుతుంది. అంటే సీడీ మంచిదా, అరువు మంచిదా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మీకు డబ్బు ఎంత వడ్డీకి దొరుకుతుందో దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. బ్యాంకు లిమిట్ ఉన్న కొట్టుకు సీడీ మంచిది. బయట వడ్డీలతో నెట్టుకొస్తున్న కొట్టుకు ఆ ముప్పై రోజుల అరువే దొరికినవాటిలో చవక అప్పు కావచ్చు.

మా బాబాయిగారి కొట్లో జరిగింది దీనికి ఇంకోవైపు. ఆయనకు అప్పంటే భయం. ఓడీ తీసుకోలేదు. నాలుగు రాళ్లు మిగిలితే ఎఫ్‌డీ వేసేవారు. అదే సమయంలో సరుకంతా ముప్పై రోజుల అరువు మీద తెప్పించేవారు, "వాళ్ల డబ్బు మన దగ్గర తిరుగుతోంది కదరా" అని సంతోషపడేవారు. ఎఫ్‌డీ మీద ఏడు శాతం వస్తోంది, అరువు మీద పాతిక శాతం పోతోంది. ఆయన తెలివితక్కువవారు కాదు. కొట్లో పావలా లెక్క తప్పనివ్వని మనిషి. ఆ రెండు శాతం ఎక్కడా వడ్డీ ఖాతాలో కనపడకపోవడమే కారణం. కొనుగోళ్ల ఖాతాలో ధరగా పడిపోతుంది. ఏడాది చివర లెక్కలు తీసినప్పుడు 'వడ్డీ: సున్నా' అని ఉండేది. అది చూసి మాకెంతో గర్వంగా ఉండేది.

(ముందు వరుసలోంచి ఒకరు: "నెలకు రెండు వేలే కదండీ, ఏడాదికి పాతిక శాతం అని ఎందుకు భయపెడుతున్నారు? నేను అప్పు తీసుకునేది నెలకే కదా!")

మంచి ప్రశ్న అడిగారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్పు నెలకే అని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి బిల్లూ నెలలో తీరిపోతుంది. కాని మీరు ఒక బిల్లు తీర్చే రోజుకే ఇంకో బిల్లు అరువు రాయించి ఉంటారు. నెలకు 6 లక్షల సరుకు తెప్పించే కొట్టును తీసుకోండి. జనవరి సరుకు బాకీ ఫిబ్రవరిలో తీరుతుంది, అప్పటికి ఫిబ్రవరి సరుకు బాకీ పడుతుంది. ఏ రోజు లెడ్జర్ తెరిచినా సప్లయరుకు సుమారు 6 లక్షలు బాకీ ఉంటుంది. బిల్లులు మారుతున్నాయి గాని బాకీ మారడం లేదు. అది ఏడాది పొడుగునా ఉండే అప్పు, దాని వడ్డీ ప్రతి నెలా 12,000.

ఇప్పుడు ఈ కొట్టు అరువు మానేసి వెంటనే కట్టడానికి మారిందనుకోండి. మారే నెల కష్టంగా ఉంటుంది. కిందటి నెల బాకీ 6 లక్షలూ తీర్చాలి, ఈ నెల సరుకుకు 5,88,000 కూడా ఇవ్వాలి. రెండు నెలల సొమ్ము ఒకే నెలలో బయటికి పోతుంది. ఆ ఒక్క నెలకు కావలసిన అదనపు డబ్బు 5,88,000, అది ఓడీలోంచి తెచ్చారు. తర్వాతి నెల నుంచి మామూలే. అమ్మకాల డబ్బు వస్తుంది, దాంతో కొత్త సరుకుకు కడతారు. మళ్లీ కొత్తగా అప్పు తేవక్కర్లేదు, ఆ 5,88,000 అలాగే ఓడీలో ఉంటుంది. అప్పు చేసింది ఒక్కసారి, 12,000 మిగిలేది ప్రతి నెలా. ఏడాదికి 1,44,000 మిగిలింది. 5,88,000 మీద 11 శాతం చొప్పున బ్యాంకుకు 64,680 ఇచ్చారు. చేతిలో 79,320 మిగిలింది. కొట్లో ఒక కుర్రాడికి ఇచ్చే జీతంలో మంచి భాగం అది. ఏడాది శాతంలోకి ఎందుకు మార్చాలంటారా? ఇదీ కారణం. 2 శాతం అనేది ఒక బిల్లు లెక్క. పాతిక శాతం అనేది మీ పెట్టుబడి లెక్క.

ఇంకో ముఖ్యమైన విషయం, రోజుల లెక్క. అందరూ తప్పేది ఇక్కడే. బిల్లు మీద ముప్పై రోజులు అని ఉంటుంది. మీరు నిజంగా ముప్పయ్యో రోజున కడుతున్నారా? ఇంటికెళ్లి లెడ్జర్ తీసి ఒక్కో సప్లయరుకు చివరి పది బిల్లులు చూడండి. బిల్లు తేదీ ఒకవైపు, డబ్బు మీ ఖాతాలోంచి పోయిన తేదీ ఇంకోవైపు రాసి, మధ్య రోజులు కూడి, పదితో భాగించండి. నేను చూసిన ఒక కొట్టుకు అది 47 రోజులు వచ్చింది. కాగితం మీద ముప్పై, చేతల్లో 47. అప్పుడు లెక్కలో ముప్పై బదులు 47 వేయాలి. అలా వేస్తే పాతిక శాతం కాస్తా 15.8 శాతానికి దిగుతుంది. 60 రోజులకు కట్టేవాళ్లకు 12.4 శాతం. 68 రోజులు లాగితే సరిగ్గా 11 శాతం దగ్గరకు వచ్చేస్తుంది, అంటే ఓడీ రేటుతో సమానం. అంతకంటే ఆలస్యంగా కట్టేవాడికి, ఒట్టి అంకెల ప్రకారం చూస్తే, అరువే చవక.

ఒట్టి అంకెల ప్రకారం అన్నాను, ఎందుకంటే ఆ ఆలస్యానికి వేరే ఖరీదు ఉంటుంది. కొందరి బిల్లుల అడుగున గడువు దాటితే 18 శాతమో 24 శాతమో వడ్డీ అని అచ్చు వేసి ఉంటుంది. చాలాసార్లు వసూలు చేయరు. కాని వేసవిలో ఫ్యాన్లకు కొరత వచ్చినప్పుడు ముందు ఎవరికి పంపాలో ఆ సప్లయరు తేల్చుకునేది తన లెడ్జర్ చూసే. రాగి ధర పెరిగి వైరు రేటు మారే ముందు రోజు ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో కూడా అదే లెడ్జర్ చెబుతుంది. ఇవి శాతాల్లోకి రావు గాని మనకందరికీ అనుభవంలో ఉన్నవే.

చట్టం వైపు నుంచి కూడా ఒక హద్దు ఉంది. మీకు సరుకు పంపేది సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదైన తయారీదారు అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. ఆదాయపు పన్నులో 2023లో తెచ్చిన మార్పుతో, ఆ గడువు దాటితే ఆ కొనుగోలును మీరు నిజంగా డబ్బు కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోగలరు. మార్చి నెలాఖరుకు ఇలాంటి బాకీ మిగిలితే దాని మీద ఆ ఏడాదికి పన్ను కట్టాల్సి వస్తుంది. మధ్యలో ఉండే హోల్‌సేల్ వ్యాపారికి ఇది వర్తించదు, తయారీదారుకే. స్విచ్‌బోర్డు పెట్టెలు, పీవీసీ కండ్యూట్ పైపులు చిన్న యూనిట్ల నుంచి నేరుగా తెప్పించేవాళ్లు మీ ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి.

రోజుల లెక్కలోనే ఇంకో రకం ఉంది. కొందరు సప్లయర్లు, "పది రోజుల్లో కడితే 2 శాతం, లేకపోతే ముప్పయ్యో రోజున పూర్తిగా" అంటారు. ఇక్కడ మొదటి పది రోజులూ ఊరికే వచ్చాయి. మీరు అదనంగా పొందే అరువు పదో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా, ఇరవై రోజులే. అదే రెండు శాతం ఇప్పుడు ఇరవై రోజులకు పడింది కాబట్టి ఏడాదికి 37 శాతం దాటుతుంది. ఇలాంటి షరతు ఉన్నప్పుడు మొదటి రోజే కట్టేయనక్కర్లేదు, పదో రోజున కట్టండి. ఏదో కారణంతో పదో రోజు దాటిపోయిందా, ఇక ముప్పయ్యో రోజు దాకా ఆగండి. పన్నెండో రోజున డబ్బు చేతికొచ్చింది కదా అని కట్టేసే అలవాటు చాలామందికి ఉంది. డిస్కౌంటూ పోయింది, పద్దెనిమిది రోజుల అరువూ పోయింది. దానివల్ల మీకు వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు పక్కన పెట్టిన జీఎస్‌టీని తీసుకొద్దాం. మన సరుకులో ఎక్కువ భాగం 18 శాతంలో ఉంది కాబట్టి దీన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. సరుకు విలువ 1,00,000, పన్ను 18,000, మొత్తం బిల్లు 1,18,000. సప్లయరు 2 శాతం సీడీ బిల్లులోనే తగ్గించి చూపించాడు. అప్పుడు సరుకు 98,000, దాని మీద పన్ను 17,640, మొత్తం 1,15,640. బిల్లుల్లో తేడా 2,360 కనిపిస్తుంది. అందరూ 2,360 మిగిలిందనే అనుకుంటారు. కాని అందులో 360 పన్ను. పన్ను తక్కువ కట్టారు కాబట్టి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా 360 తక్కువే వస్తుంది. నిజంగా మిగిలింది 2,000 మాత్రమే.

మరి ఆ రెండు వేల కోసం ముప్పై రోజుల ముందు మీ ఖాతాలోంచి పోయిన డబ్బెంత? 98,000 కాదు, 1,15,640. డిస్కౌంటు సరుకు మీదే వచ్చింది, పన్ను మీద మీకు మిగిలేదేమీ లేదు, కాని పన్ను సొమ్ము కూడా నెల ముందే పంపేశారు. ఇన్‌పుట్ క్రెడిట్ ముందే వస్తుందా అంటే రాదు. మీరు సప్లయరుకు కట్టినా కట్టకపోయినా బిల్లును బట్టి ఆ నెల రిటర్నులోనే తీసుకుంటారు. 180 రోజుల్లోపు సప్లయరుకు కడితే చాలు. కాబట్టి ఆ వైపు ఏమీ మారదు. 2,000ని 1,15,640తో భాగిస్తే నూటికి ఒక రూపాయి డెబ్బై మూడు పైసలు వస్తుంది, ఏడాదికి 21 శాతం. పాతిక అనుకున్నది 21 అయింది. ఇప్పటికీ 11 కంటే చాలా పైనే ఉంది. కాని సీడీ 1 శాతమే అయితే ఈ తేడా మొత్తం కథను మార్చేస్తుంది. పన్ను లేకుండా చూస్తే ఒక శాతం సీడీ ఏడాదికి 12.3 శాతం అవుతుంది, ఓడీకి పైన ఉంటుంది. 18 శాతం పన్ను కలిపి చూస్తే 10.4కి దిగుతుంది, ఓడీకి కింద పడుతుంది. అందుకే ఒక్క శాతం సీడీకి, ముప్పై రోజుల అరువుకు మధ్య ఎంచుకోమంటే నేను అరువే తీసుకుంటాను.

సీడీని బిల్లులో తగ్గించకుండా తర్వాత క్రెడిట్ నోటు పంపేవాళ్లు ఉన్నారు. పన్ను జోలికి పోకుండా ఒట్టి 2,000కి నోటు ఇస్తే లెక్క దాదాపు అదే, 21 శాతమే. కాని ఆ నోటు ఎప్పుడొస్తుందో అడగండి. మూడు నెలలకోసారి లెక్క తేల్చి ఇస్తామంటే, మీరు ఈ రోజు మొత్తం డబ్బు కట్టి, రెండు శాతం కోసం మూడు నెలలు ఎదురు చూస్తున్నారు. సీడీ బిల్లులోనే కనపడాలని అడగడంలో మొహమాటపడకండి.

ఇంకో మాట, కొత్తగా వ్యాపారంలోకి వచ్చిన కుర్రాళ్ల కోసం. క్యాష్ డిస్కౌంట్‌లో క్యాష్ అంటే నోట్ల కట్టలు కాదు. వెంటనే చెల్లింపు అని అర్థం. ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నోట్ల రూపంలో కడితే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. రెండు శాతం కోసం వెళ్లి దానికి ఎన్నో రెట్లు పన్నులో పోగొట్టుకుంటారు. బ్యాంకు ద్వారానే పంపండి.

ఇప్పుడు నాకు జరిగిన ఒక విషయం చెబుతాను. ఈ లెక్కలన్నీ నేర్చుకున్న ఉత్సాహంలో నేనే బాబాయిగారిని ఒప్పించి, వేసవికి ముందు ఒక సప్లయరుకు సీలింగ్ ఫ్యాన్ల కోసం డబ్బు ముందే పంపించాను. 2 శాతం సీడీ. లారీ రెండు మూడు రోజుల్లో వస్తుందన్నాడు. పన్నెండో రోజున వచ్చింది, అదీ సగమే. బిల్లు కూడా ఆ పన్నెండో రోజు తేదీతోనే వేశాడు. మిగతా సగం కోసం ఫోన్ మీద ఫోన్. నాకున్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎండలు ముదిరాయి, కొట్లో ఫ్యాన్లు లేవు, డబ్బు మాత్రం ఎప్పుడో పోయింది. వచ్చినవాటిలో కూడా కొన్ని పెట్టెలు నలిగి, రెక్కలు వంగి ఉన్నాయి. అరువు బాకీ ఉండుంటే ఆ పెట్టెల విలువ మినహాయించుకుని మిగతాది కట్టేవాళ్లం. డబ్బు ముందే ఇచ్చేశాం కాబట్టి బతిమాలుకోవడమే మిగిలింది.

ఆ దెబ్బతో నేర్చుకున్న లెక్క ఇది. మొదలు పెట్టాల్సింది బిల్లు తేదీ నుంచి కాదు. డబ్బు మీ ఖాతాలోంచి పోయే రోజు ఒకటి రాయండి. సీడీ వద్దనుకుంటే అదే డబ్బు ఏ రోజున పోయేదో అది రెండోది. ఆ రెండింటి మధ్య రోజులే లెక్కలోకి రావాలి. నా ఫ్యాన్ల విషయంలో అరువు తీసుకుని ఉంటే బిల్లు పన్నెండో రోజున పడేది, అక్కడి నుంచి ముప్పై రోజులు, మొత్తం 42 రోజులు. ముప్పైతో వేసిన పాతిక శాతం 42తో వేస్తే 17.7 అయింది. అది వచ్చిన సగం సంగతి. రాని సగానికి నాకు సీడీ రావడం కాదు, నేనే అతనికి అప్పిచ్చినట్టయింది.

అప్పటి నుంచి నేను చెప్పేది ఒకటే. సరుకు దిగి, పెట్టెలు లెక్కపెట్టుకున్నాక అదే రోజు సాయంత్రం కడతాను, అప్పుడు కూడా సీడీ ఇస్తారా అని అడగండి. పాత పరిచయం ఉన్న సప్లయర్లలో చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ కావాల్సింది నెలాఖరు దాకా తిరగకుండా డబ్బు చేతికి రావడమే. లారీ బయలుదేరక ముందే డబ్బు పడాలని పట్టుబట్టేవాళ్లకు, అందులోనూ కొత్తవాళ్లకు, మొదటి రెండు మూడు ఆర్డర్లు అరువు మీదే తీసుకోండి. ఆ పోయే రెండు శాతాన్ని మనిషిని పరీక్షించుకున్న ఖర్చు అనుకోండి.

ఎప్పుడూ 2 శాతం ఇచ్చేవాడు ఉన్నట్టుండి 4 శాతం, 5 శాతం ఇస్తానంటే నాకు ఇంకా భయం. ముప్పై రోజులకు 5 శాతం అంటే ఏడాదికి 64 శాతం వడ్డీకి అతను డబ్బు అడుగుతున్నాడన్న మాట. పాత సరుకు వదిలించుకోవడానికైతే సరే, సరుకు మీ గోడౌన్లో దిగాక కట్టండి. అలా కాకుండా ముందే పంపమని అంత రేటు ఇస్తున్నాడంటే బ్యాంకు అతనికి ఇవ్వడం ఆపేసి ఉండొచ్చు. ఏ వైపు నుంచి చూసినా అడ్వాన్సు పంపే సమయం అది కాదు.

(వెనక నుంచి ఒకరు: "అయ్యా, నా ఓడీలో లక్షే మిగిలింది. ఇద్దరు సప్లయర్లు సీడీ ఇస్తున్నారు. ఒకాయన 3 శాతం, లేదంటే అరవై రోజులు. ఇంకొకాయన ఒకటిన్నర శాతం, లేదంటే ఇరవై ఒక్క రోజులు. ఇద్దరికీ కట్టలేను. మూడు శాతం ఆయనకే కదా కట్టాలి?")

కాదండీ. ఇద్దరినీ నెలకు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ అన్న లెక్కలోకి తెద్దాం. మొదటాయన: 3ని 97తో భాగిస్తే 3 రూపాయల 9 పైసలు. అది రెండు నెలలకు, కాబట్టి నెలకు రూపాయి 55 పైసలు, ఏడాదికి 18.8 శాతం. రెండో ఆయన: ఒకటిన్నరను 98.5తో భాగిస్తే రూపాయి 52 పైసలు. కాని అది ఇరవై ఒక్క రోజులకే. ముప్పై రోజులకు మారిస్తే 2 రూపాయల 18 పైసలు, ఏడాదికి 26.5 శాతం. ఇద్దరి సరుకూ 18 శాతం పన్నులోనే ఉంటే రెండు అంకెలూ కాస్త కిందికి దిగుతాయి గాని వరస మారదు. మీ లక్షను ముందు ఒకటిన్నర శాతం ఆయనకు కట్టండి. ఇరవై ఒక్క రోజులు గడిచాక, మామూలుగా ఆయనకు కట్టాల్సిన డబ్బు మీ అమ్మకాల్లోంచి మిగిలే ఉంటుంది. దాంతో ఆయన తర్వాతి బిల్లుకు మళ్లీ సీడీ తీసుకోండి. మూడు శాతం ఆయన అరవై రోజులు ఆగుతానంటున్నాడు కదా, ఆయన దగ్గర అరువే రాయించండి. ఓడీ లిమిట్ పెరిగాక, లేదా చేతిలో ఇంకో లక్ష ఆడటం మొదలయ్యాక ఆయన సంగతి చూద్దాం. 18.8 కూడా మీ పదకొండు కంటే పైనే ఉంది కాబట్టి లిమిట్ పెంచమని బ్యాంకును అడగడానికి ఆ అంకె సరిపోతుంది. వెళ్లేటప్పుడు ఆ ఇద్దరి సీడీ షరతులున్న బిల్లులు కూడా పట్టుకెళ్లండి.